స్వాహిలీలో క్రియ తప్పుతోందా? ముందు బహువచనం చూడండి

"కి-టాబు కి-కుబ్వ కి-మె-అంగుక." పెద్ద పుస్తకం పడిపోయింది. పుస్తకాలైతే "వి-టాబు వి-కుబ్వ వి-మె-అంగుక." (కుబ్వ అంటే పెద్ద, అంగుక అంటే పడు, మధ్యలో 'మె' పని అయిపోయిందని చెబుతుంది.) మన కితాబే అక్కడికి అరబ్బీ నుంచి వెళ్తే, వాళ్లు అందులోని 'కి'ని ఉపసర్గ అనుకుని బహువచనంలో 'వి' చేసేశారు. మొదటి వారం ఇది చూసి, ఓహో, నామవాచకం ముందున్న అక్షరాన్ని అన్నిటికీ అతికిస్తే సరిపోతుందన్నమాట అనుకుంటాం. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

సమస్య: చెట్టు పడిపోయింది అంటే ఎదుటివాళ్లు అయోమయంగా చూస్తున్నారు

చెట్టు 'మ్‌-టి'. పాత అలవాటు కొద్దీ "మ్‌-టి మ్‌-కుబ్వ మ్‌-మె-అంగుక" అనేస్తాం. విశేషణం దాకా బాగానే ఉంది, కానీ క్రియకు ముందు 'మ్‌' వస్తే అది "మీరందరూ" అని అర్థం, అంటే పెద్ద చెట్టు సంగతి ఎత్తి మీరందరూ పడిపోయారు అన్నట్టయింది.

కారణం ఏంటంటే, ఉపసర్గలు ఒక వరుస కాదు, రెండు. విశేషణాలు, అంకెలు నామవాచకాన్నే అనుకరిస్తాయి. క్రియ, 'ఆ', 'ఈ' లాంటి మాటలు, 'నా', 'నీ' లాంటివి ఇంకో వరుస నుంచి తీసుకుంటాయి. స్వాహిలీ నామవాచకాలు ఉపసర్గలను బట్టి వర్గాలుగా విడిపోతాయి, వాటిలో 'కి', 'వి' వర్గంలో రెండు వరుసలూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి తేడా కనిపించదు. నన్నడిగితే పుస్తకం ఉదాహరణతో పాఠం మొదలుపెట్టడమే పొరపాటు.

పైగా 'మ్‌'తో మొదలయ్యే వర్గాలు రెండున్నాయి. పిల్లవాడు కూడా 'మ్‌-టోటో'నే. ఏకవచనం చూసి తేల్చలేం, బహువచనం చెప్పి చూడాలి. పిల్లలు 'వ-టోటో', చెట్లు 'మి-టి'. బహువచనంలో 'వ' వస్తే క్రియకు 'అ', 'వ'. 'మి' వస్తే 'ఉ', 'ఇ'. ఇప్పుడు అదే వాక్యం:

మ్‌-టోటో మ్‌-కుబ్వ అ-మె-అంగుక
వ-టోటో వ-కుబ్వ వ-మె-అంగుక
మ్‌-టి మ్‌-కుబ్వ ఉ-మె-అంగుక
మి-టి మి-కుబ్వ ఇ-మె-అంగుక

"ఆ చెట్టు" అనాలన్నా క్రియ వరుసే: 'మ్‌-టి ఉ-లే', చెట్లయితే 'మి-టి ఇ-లే'. కెన్యా బడుల్లో ఈ వర్గాలను (వాళ్ల మాటలో 'ంగేలి') క్రియ ఉపసర్గల పేర్లతోనే పిలుస్తారు: అ-వ, ఉ-ఇ, కి-వి ఇలా. మీ పుస్తకంలో మ్‌-వ, మ్‌-మి అని ఉంటే పక్కన పెన్సిల్‌తో ఈ పేర్లు రాసుకోండి, కొత్త మాట నేర్చుకున్నప్పుడల్లా బహువచనంతో కలిపి నేర్చుకోండి. చెట్టు ఒక్కటే బట్టీ పడితే సగం మాటే వచ్చినట్టు.

సమస్య: అన్నీ సరిగ్గా కలిపినా నీటిగుర్రం కొరడా అయిపోయింది

నీటిగుర్రం 'కిబోకో', బహువచనం 'విబోకో'. సూత్రం ప్రకారం "కిబోకో కి-కుబ్వ" అన్నారనుకోండి, వినేవాళ్లకు పెద్ద కొరడా అని వినిపిస్తుంది, ఎందుకంటే ఆ మాటకు కొరడా అనే అర్థం కూడా ఉంది. ప్రాణి అయితే నామవాచకం రూపం ఏదైనా సరే, మిగతా వాక్యం అ-వ వర్గంలోకి వెళ్లిపోతుంది. "కిబోకో మ్‌-కుబ్వ అ-మె-లల", పెద్ద నీటిగుర్రం పడుకుంది. బహువచనంలో "విబోకో వ-కుబ్వ వ-మె-లల". నామవాచకం మీది 'కి', 'వి' మాత్రం కదలవు.

మనకిది పూర్తిగా కొత్తేం కాదు. ఇద్దరు పిల్లలు, రెండు పుస్తకాలు అంటాం కదా. కాకపోతే మనం మనుషుల దగ్గరే ఆగి కుక్కల్ని 'రెండు'లో పడేస్తాం, స్వాహిలీ వాళ్లు కుక్కల్ని కూడా 'ఇద్దరు' వైపే కలుపుకుంటారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మిత్రుడు (మన రఫీక్ లాంటి మాటే, 'రఫీకి') విషయంలో క్రియ అ-వ పద్ధతిలోనే వస్తుంది గానీ, "నా" దగ్గర 'రఫీకి యంగు' అంటారు, 'వంగు' కాదు. నాన్న, అక్క లాంటి కొన్ని చుట్టరికాల మాటలకూ ఇంతే. దీన్ని గుర్తుపెట్టుకోవడమే, వేరే దారి లేదు.

సమస్య: ఇల్లు ఒకటా రెండా తెలియట్లేదు

'న్యుంబ' అంటే ఇల్లు, ఇళ్లు కూడా అదే. 'న్యుంబ కుబ్వ' దగ్గర ఆగితే ఎన్నో తేలదు. క్రియ దాకా ఆగండి: 'ఇ-మె-అంగుక' అంటే కూలింది, 'జి-మె-అంగుక' అంటే కూలాయి.

సమస్య: విశేషణానికి ఉపసర్గ పెడితే నవ్వుతున్నారు

అది అరబ్బీ నుంచి వచ్చిన విశేషణం అయ్యుంటుంది. 'సాఫీ' (శుభ్రం), 'ఘాలి' (ఖరీదు) లాంటివి ఏ వర్గంలోనూ మారవు, 'కిటాబు ఘాలి' అనాలి. అంకెల్లోనూ అంతే: అయిదు పుస్తకాలు 'విటాబు వి-టానో', ఆరు మాత్రం ఉత్త 'విటాబు సీటా'. ఆరు, ఏడు, తొమ్మిది అరబ్బీవి. పది వాళ్ల సొంత మాటే అయినా అదీ మారదు.