తండ్రి పని నుంచి పిల్లల పని దాకా: తరాల మధ్య సామాజిక గతిశీలతను చిన్న సర్వేతో ఎలా కొలవాలి?

పుట్టుకతో వచ్చిన స్థానం చచ్చేదాకా మారకపోతే అది మూసిన వ్యవస్థ, కులం దానికి ఉదాహరణ. చదువుతోనో పనితోనో స్థానం మారే వీలుంటే అది తెరిచిన వ్యవస్థ, వర్గం దానికి ఉదాహరణ. డిగ్రీ విద్యార్థులు ఈ రెండు వాక్యాలు రాసి, పదిమందిని పలకరించి, "బెంగళూరు తెలుగువాళ్లలో వ్యవస్థ తెరిచి ఉంది" అని తేల్చేస్తుంటారు. పూర్తిగా మూసిన సమాజం గానీ పూర్తిగా తెరిచిన సమాజం గానీ దాదాపు ఎక్కడా ఉండదని సమాజశాస్త్రవేత్త పితిరిమ్ సొరోకిన్ 1927లోనే చెప్పాడు. కాబట్టి తెరిచి ఉందా లేదా అని కాదు, ఎంత తెరిచి ఉందో కొలవాలి. మనిషి కులం మారదు కనుక మనం కొలిచేది వృత్తిని: తండ్రి చేసిన పనికీ, బిడ్డ చేస్తున్న పనికీ మధ్య దూరాన్ని. తరాల మధ్య సామాజిక గతిశీలత అంటే ఇదే.

ముందు కావలసినవి

ఒక నోట్‌బుక్, ఒక స్ప్రెడ్‌షీట్, 80 మంది మనుషులు. ఫోన్ ఫారాలు వద్దు, కాగితం మీదే రాసుకోండి. ఫారంలో ఆప్షన్లు కనిపిస్తే అడిగేవాడు ఏదో ఒకటి నొక్కేసి ముందుకెళ్లిపోతాడు.

మనుషులను తెలుగు సంఘం ఉగాది సభలో వెతకొద్దు. అక్కడికి వచ్చేది ఎక్కువగా నిలదొక్కుకున్నవాళ్లే. మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు అపార్ట్‌మెంట్లూ, వాటిని కట్టే కూలీల రేకుల షెడ్లూ పక్కపక్కనే ఉంటాయి. రెండు చోట్లా ప్రతి అయిదో తలుపూ తట్టండి.

వయసు 35 నుంచి 50 మధ్య ఉన్నవాళ్లనే తీసుకోండి. పాతికేళ్ల కుర్రాడు ఇవాళ డెలివరీ బండి మీద ఉండొచ్చు, రేపు ఇంకో పనిలో ఉండొచ్చు. వాడి స్థానం ఇంకా కుదురుకోలేదు.

తండ్రి పని అడగడం

పని చెడేదంతా ఇక్కడే, అందుకే ఇక్కడ తొందర పనికిరాదు.

"మీ నాన్న ఏం చేస్తారు?" అని అడగొద్దు. ఆయన రిటైరై ఉండొచ్చు, పోయి ఉండొచ్చు, కొడుకు సంపాదన చూసి పని మానేసి ఉండొచ్చు. "మీకు పదిహేనేళ్లప్పుడు మీ నాన్న ఏ పని చేసేవారు?" అని అడగండి. బడికి వెళ్లినవాళ్లకు "పదో తరగతి చదివే రోజుల్లో" అంటే టక్కున గుర్తొస్తుంది. వెళ్లనివాళ్లకు "మీ అక్క పెళ్లప్పుడు" లాంటి ఆనవాలు దొరికేదాకా ఆగండి.

అప్పుడు మదనపల్లి నుంచి వచ్చినాయన "మా నాయన సేద్యం చేస్తాండె సార్" అంటాడు. మీరు "వ్యవసాయం" అని రాసుకుంటారు. అలా రాసుకుంటే సర్వే అక్కడే పాడైపోయినట్టు. పదెకరాల తోట ఉన్న ఆసామి చేసేదీ సేద్యమే, గుత్తకు రెండెకరాలు చేసుకునేవాడిదీ సేద్యమే, పొద్దున్నే పక్కవాళ్ల చేలో కూలికి దిగేవాడూ అడిగితే సేద్యమనే అంటాడు. ముగ్గురి పిల్లలూ ఒకే మెట్టు మీద మొదలుపెట్టలేదు. కాబట్టి ఇంకో మూడు ప్రశ్నలు తప్పవు. భూమి ఎవరిది? ఎన్నెకరాలు, నీళ్లున్నాయా? సంవత్సరంలో ఎక్కువ రోజులు సొంత చేలో చేశారా, బయట కూలికి వెళ్లారా?

"ఫలానా ఆసామి దగ్గర జీతానికి ఉండె" అన్న జవాబు ఇంకా ప్రమాదం. సిటీలో పెరిగిన పిల్లలు దాన్ని జీతం వచ్చే ఉద్యోగం గడిలో వేస్తారు. ఆ మనిషి ఏడాదికింతని మాట్లాడుకుని పాలేరుగా ఉన్నాడు. కొడుకు వైపు "మేస్త్రి" అన్న మాట కూడా ఇలాంటిదే. తాపీ పట్టి రోజు కూలి తీసుకునేవాడూ మేస్త్రే, పదిహేనుమందిని ఊరి నుంచి తెచ్చి వాళ్లకు కూలి పంచేవాడూ మేస్త్రే. "మీ కింద ఎంతమంది? కూలి ఎవరు ఇస్తారు?" అని అడిగితే తేలిపోతుంది.

తల్లి పని కూడా అడగండి. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళిత మహిళలు చాలామంది ఉన్నారు. అలాంటి ఇంట్లో తండ్రి పని ఒక్కటే రాస్తే ఇల్లు గడిపిన మనిషే లెక్కలోకి రాదు. తల్లీ కూతురూ ఇద్దరిదీ అదే పనైతే "మార్పు లేదు" అని కొట్టిపారేయకుండా పర్మనెంటా, కాంట్రాక్టా అని అడగాలి. తల్లికి పెన్షన్ ఉండి కూతురికి లేకపోతే, పని పేరు అదే అయినా కూతురు కిందికి దిగినట్టే.

పట్టిక వేయడం

వర్గాలు ఎక్కువ పెట్టకండి. 80 మందికి రెండు చాలు: ఒకటి కూలి, రెండోది స్థిరమైన ఆధారం (ఉద్యోగం, నడిచే వ్యాపారం, సరిపడా సొంత భూమి). ఆరు వర్గాలు పెడితే 36 గళ్లు వస్తాయి, వాటిలో చాలా గళ్లు ఖాళీగానో ఒకరిద్దరితోనో మిగులుతాయి.

ఉదాహరణకు లెక్క ఇలా వచ్చిందనుకుందాం. కూలి తండ్రుల బిడ్డలు 50 మంది. వాళ్లలో 20 మంది స్థిరపడ్డారు, 30 మంది కూలిలోనే ఉన్నారు. స్థిరమైన ఇళ్ల బిడ్డలు 30 మంది. వాళ్లలో 25 మంది అక్కడే ఉన్నారు, 5 గురు కూలికి దిగారు. అంటే 80 మందిలో 25 మంది మెట్టు మారారు.

దీన్ని చూసి "31 శాతం గతిశీలత, వ్యవస్థ తెరిచే ఉంది" అని రాసేస్తారు. ఆగండి. తండ్రుల తరంలో స్థిరమైన స్థానాలు 30, పిల్లల తరంలో 45. ఆ 15 స్థానాలు నగరం పెరగడం వల్ల కొత్తగా పుట్టినవి, వాటి కోసం ఎవరూ కిందికి దిగనక్కర్లేదు. మారిన 25 మందిలో ఈ 15 తీసేస్తే, నిజంగా స్థానాలు చేతులు మారింది 10 మంది విషయంలోనే.

తలుపు ఎంత తెరిచి ఉందో చెప్పేది ఆడ్స్ రేషియో. ముందు ఒక్కో రకం ఇంటికీ స్థిరపడినవాళ్లను కూలిలో ఉన్నవాళ్లతో భాగించాలి. స్థిరమైన ఇంటి బిడ్డలకు 25/5, అంటే 5. కూలి ఇంటి బిడ్డలకు 20/30, అంటే 0.67. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 7.5. పుట్టిన ఇల్లు ఏమాత్రం లెక్కలోకి రాకపోతే 1 వచ్చేది. మూసిన కొద్దీ ఈ అంకె పెరుగుతుంది.

ఇప్పుడు "సేద్యం" దగ్గరికి రండి. కూలి గడిలో వేసిన తండ్రుల్లో 10 మంది నిజానికి తోటలున్న ఆసాములనుకోండి, వాళ్ల బిడ్డలు పదిమందీ స్థిరపడినవాళ్లే. సరిచేస్తే కూలి ఇళ్ల బిడ్డలు 40 మంది, పైకొచ్చింది 10 మందే. స్థిరమైన ఇళ్లవాళ్లు 40, అక్కడే ఉన్నది 35 మంది. రేషియో 7.5 నుంచి 21కి ఎగబాకింది. ఒక్క ప్రశ్న బద్ధకంగా అడిగినందుకు మూసిన తలుపు తెరిచినట్టు కనిపించింది.

రిపోర్టులో రాయాల్సింది

80 మందితో వచ్చిన 7.5ను గట్టి అంకె అనుకోకండి. 95 శాతం విశ్వాస అవధి, అంటే అసలు అంకె ఉండగల హద్దులు, కడితే అది దాదాపు 2.5 నుంచి 23 దాకా ఉంటుంది. ఆ హద్దుల్లో 1 లేదు కనుక పుట్టిన ఇల్లు ప్రభావం చూపుతోందని దీనితో చెప్పొచ్చు. చెన్నై కంటే బెంగళూరు ఎక్కువ తెరిచి ఉందని మాత్రం చెప్పలేరు.

ఊళ్లోనే ఉండిపోయిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఈ పట్టికలో లేరు. ఆ సంగతి రిపోర్టు మొదటి పేజీలోనే రాయండి. ఓపిక ఉంటే ప్రతి ఇంట్లోనూ తోబుట్టువుల పని కూడా అడిగి వేరే పట్టిక వేయండి. దాన్ని మొదటిదానిలో మాత్రం కలపొద్దు, ఒకే తండ్రి నాలుగుసార్లు లెక్కకొస్తాడు.