వ్యాపారుల సిండికేట్ ఎప్పుడు విరుగుతుందో లెక్క వేయడం ఎలా?

తిరుపతిలో డిగ్రీ పిల్లలకి ఎకనమిక్స్ చెప్తాను. "సిండికేట్ విరిగి ధరల యుద్ధం ఎప్పుడు వస్తుంది?" అని అడిగితే ప్రతి ఏడాదీ ఒకటే జవాబు: గిరాకీ పడిపోయినప్పుడు. ఎందుకు అంటే "బేరాలు లేవు కదా సార్" అంటారు. బేరాలు లేనప్పుడు పోటీ అంగడివాడి బేరం లాక్కుంటే మిగిలేది కూడా కొంచెమే కదా అంటే నోరు మెదపరు. ఇది ఊహించి చెప్పే విషయం కాదు, కాగితం మీద తేలే విషయం.

ముందే ఒక మాట. అంగళ్లవాళ్లు కూడబలుక్కుని ధర పెట్టడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం నేరుగా నిషిద్ధం. ఈ లెక్క అలాంటి కుమ్మక్కు ఎక్కడ బలహీనంగా ఉంటుందో తెలుసుకోవడానికి.

కావలసినవి

తెల్లకాగితం, పెన్ను, నెలవారీ అమ్మకాల అంచనా. ఎక్సెల్ వద్దు, చేత్తో వేస్తేనే ఎక్కడ తేడా వస్తోందో కంటికి కనిపిస్తుంది. వారాల లెక్క కూడా వద్దు, నెలల లెక్కే వేయండి.

మొదటి మెట్టు: ఈరోజు మోసం చేస్తే ఎంత?

ఒకే రోడ్డులో మూడు సిమెంటు అంగళ్లు ఉన్నాయనుకుందాం (అంకెలు లెక్క కోసం నేను పెట్టుకున్నవే). బస్తాకి 20 రూపాయల మార్జిన్ అని ముగ్గురూ మాట అనుకున్నారు. నెలకి రోడ్డు మొత్తం మీద 6,000 బస్తాలు పోతాయి. మాట మీద ఉంటే ఒక్కొక్కరికి 2,000 బస్తాలు, 40,000 రూపాయలు. ఒకడు ఒక్క రూపాయి తగ్గించి అందరి బేరమూ లాగేస్తే 6,000 బస్తాల మీద 19 చొప్పున 1,14,000. అంటే మోసంలో అదనంగా వచ్చేది 74,000.

రెండో మెట్టు: రేపు పోయేది ఎంత?

మిగతా ఇద్దరికీ తెలిసిపోయి నాలుగు నెలలు కొన్న ధరకే అమ్ముతారనుకోండి. ఆ నాలుగు నెలలూ ఎవరికీ ఏమీ మిగలదు. మోసం చేసినవాడికి పోయేది నాలుగు నలభై వేలు, 1,60,000. డెబ్బై నాలుగు వేల కోసం లక్షా అరవై వేలు ఎవడూ పోగొట్టుకోడు కాబట్టి మాట నిలుస్తుంది.

ఇప్పుడు ఒక్క నెల మాత్రం గిరాకీ మూడింతలై 18,000 బస్తాలు అయిందనుకోండి, ఆ తర్వాత మళ్లీ మామూలే. మోసంలో అదనపు లాభం 2,22,000. పోయేది మాత్రం అదే 1,60,000, ఎందుకంటే రాబోయే నెలలు మామూలు నెలలే. మాట విరుగుతుంది. రోటెంబర్గ్, సలోనర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1986లో చెప్పింది ఇదే. గిరాకీ ఒక్కసారిగా పెరిగినప్పుడే కుమ్మక్కు ప్రమాదంలో పడుతుంది.

ఇక్కడ చాలామంది వదిలేసేది ఒకటుంది. తెలివైన అంగళ్లవాళ్లు అంతదాకా రానివ్వరు, ఆ నెలకి మార్జిన్ వాళ్లే తగ్గించుకుంటారు. 14 రూపాయలు పెట్టి లెక్క వేయండి: మోసంలో అదనం 1,50,000కి దిగుతుంది, పోయేది 1,60,000, కాబట్టి మాట నిలబడుతుంది. బయటనుంచి చూసేవాళ్లకి అది ధరల యుద్ధంలా కనిపిస్తుంది కానీ నిజానికి అది కుమ్మక్కుని కాపాడుకునే పద్ధతి.

మూడో మెట్టు: అందరూ తప్పేది ఇక్కడే

రెండో మెట్టులో "తర్వాత మళ్లీ మామూలే" అన్నాను. సిమెంటు గిరాకీ అలా ఉండదు. సంక్రాంతి దాటాక పనులు పెరుగుతాయి, ఎండాకాలంలో జోరుగా నడుస్తాయి, మనవైపు ఈశాన్య రుతుపవనం అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా వానలు ఉంటే మేస్త్రీలు పనులు ఆపేస్తారు. అందుకని రాబోయే నెలలకి సగటు పెట్టకండి. దయచేసి పెట్టకండి. ఒక్కో నెలా విడిగా రాయండి. సగటు పెట్టిన పేపరుకి నేను మార్కులు వేయను, ఎందుకంటే అసలు విషయమంతా అందులోనే కరిగిపోతుంది.

ఫిబ్రవరిలో 9,000 బస్తాలు, సెప్టెంబరులోనూ 9,000 బస్తాలే పోతాయనుకుందాం. రెండు నెలల్లోనూ మోసంలో అదనపు లాభం 1,11,000. ఫిబ్రవరి తర్వాత నాలుగు నెలలకి 10,000, 12,000, 12,000, 11,000 రాయండి. కలిపితే 45,000 బస్తాలు, అందులో ఒకడి వాటా 3,00,000 రూపాయలు. అంత ముందుంటే ఎవడూ మాట తప్పడు. సెప్టెంబరు తర్వాత 4,000, 3,000, 2,000, 4,000 రాయండి. కలిపితే 13,000 బస్తాలు, వాటా 86,667 రూపాయలే. లక్షా పదకొండు వేలు చేతికొస్తుంటే ఎనభై ఆరు వేలకి భయపడతాడా?

అమ్మకం అంతే, అంగళ్లు అవే, కానీ ఒక నెలలో మాట నిలుస్తుంది, ఇంకో నెలలో విరుగుతుంది. నవంబరుకి వేసి చూడండి. 3,000 బస్తాలే కాబట్టి మోసంలో అదనం 37,000. ముందున్నవి 2,000, 4,000, 9,000, 10,000, వాటా 1,66,667. గిరాకీ అడుగంటిన నెలలో కుమ్మక్కు గట్టిగానే ఉంది! ఏప్రిల్ పన్నెండు వేలకి కూడా మీరే వేసుకోండి, ఆగస్టు దాకా బేరాలు బాగుంటే అదీ నిలుస్తుంది. గిరాకీ ఎక్కువగా ఉన్న నెలా కాదు, అడుగంటిన నెలా కాదు, ఇంకా బాగానే ఉండి దిగడం మొదలైన నెలే కష్టమైనది. హాల్టివాంగర్, హారింగ్టన్ 1991లో దీన్ని తేల్చారు. పిల్లలు ఈ పేర్లు గుర్తుపెట్టుకుంటారు గానీ సెప్టెంబరుని మర్చిపోతారు.

నాలుగో మెట్టు: పక్కవాడి ధర కనిపిస్తోందా?

ఇప్పటిదాకా వేసిన లెక్కకి ఆధారం మోసం బయటపడుతుందన్నదే. బోర్డు మీద ధర రాసుంటే బయటపడుతుంది. కానీ మేస్త్రీ చేతిలో బస్తాకి ఇంత అని చాటుగా పెడితే పక్క అంగడివాడికి కనిపించేది ఒక్కటే, తన అమ్మకాలు తగ్గడం. అవి ఎవడో మోసం చేస్తే తగ్గాయా, గిరాకీయే లేదా? తెలీదు. తగ్గినప్పుడల్లా "గిరాకీ లేదులే" అనుకుంటే అందరూ చాటుగా మోసం చేస్తారు. అందుకని ఎవరూ తప్పు చేయకపోయినా, అమ్మకాలు ఒక హద్దు దాటి పడితే కొన్నాళ్లు ధర దించాల్సిందే. గ్రీన్, పోర్టర్ 1984లో చెప్పిన ఈ పద్ధతిలో యుద్ధం మాంద్యంలో వస్తుంది. అమెరికాలో 1880లలో షికాగో నుంచి తూర్పు తీరానికి ధాన్యం మోసిన రైలు కంపెనీల సిండికేట్ మీద పోర్టర్ చేసిన పరిశీలనలో ధర మధ్యమధ్యలో ఇలా కూలి మళ్లీ లేవడం కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. ఇక్కడ మాంద్యం అంటే ఎవరూ ఊహించనిది. నవంబరు వానలు అందరికీ తెలిసినవే, వాటికి ఎవడూ పక్కవాణ్ని అనుమానించడు. 2019లో రాష్ట్రమంతా ఇసుక దొరక్క పనులు ఆగిపోయినట్టు, హఠాత్తుగా పడినప్పుడే అనుమానం మొదలవుతుంది.

ఐదో మెట్టు: సరుకు ఉందా?

మోసం చేసినవాడు అందరి బేరమూ లాగగలడని మొదటి మెట్టులో ఒప్పుకున్నాం. సిమెంటు ఇంకో లోడు తెప్పించుకోవచ్చు కాబట్టి అది కుదిరింది. పిల్లలు మాత్రం ఉదాహరణకి లాడ్జీలు తెస్తారు, అక్కడ కుదరదు. బ్రహ్మోత్సవాలప్పుడు ముప్పై రూములూ నిండిన లాడ్జివాడు ధర తగ్గించి ఏం లాగుతాడు, ముప్పై ఒకటో రూము లేదు కదా. వాడికి మోసం చేయాలనిపించేది యాత్రికులు పలచబడి సగం రూములు ఖాళీగా ఉన్నప్పుడు. కాబట్టి లాడ్జీలకి లెక్క వేసేటప్పుడు మొదటి మెట్టులో మోసం చేసినవాడి బేరంగా మొత్తం గిరాకీ రాయకండి, వాడికి ఇప్పటికే ఉన్న బేరానికి ఖాళీగా ఉన్న రూములు ఎన్నో అంతే కలిపి రాయండి.