ఆఫీసు మెసేజ్‌లు, 4వ పాఠం: ‘వీలైతే’తో వచ్చిన చిక్కు

పోయిన పాఠంలో కటువైన జవాబును మెత్తబరచడానికి ‘కొంచెం’, ‘వీలైతే’ లాంటి మాటలు వాడమన్నాను. ఎక్కడ వాడాలో చెప్పలేదు. అందుకే మీలో చాలామంది "వీలైతే 9వ తేదీకి పంపండి" అని రాశారు. అలా రాస్తే గడువు లేనట్టే. "వీలు కాలేదండీ" అంటే అవతలివాళ్ల పని అయిపోతుంది. ఈ వారం కొత్త పాఠం ఆపి, ఒక్క మెసేజ్‌ను సరిచేద్దాం.

విజయవాడలో అకౌంట్స్ చూసే ఆవిడ, గుంటూరు మిర్చి యార్డు దగ్గరి బ్రాంచిలో బిల్లులు రాసే ఆయనకు మార్చి 7న ఇలా రాసిందనుకోండి:

"ఎన్నిసార్లు అడగాలి? మీరు ఫిబ్రవరి బిల్లులు పంపలేదు. 9వ తేదీ సాయంత్రం 5 గంటలకల్లా నా దగ్గర ఉండాలి. తర్వాత నాకు సంబంధం లేదు."

మొదటి వాక్యం, చివరి వాక్యం కోపంతో వచ్చినవి, కొట్టేయండి. రెండోదాన్ని "బిల్లులు నాకింకా అందలేదు" అని మార్చండి. విషయం అదే, వేలు మాత్రం మనిషి మీద నుంచి పోయింది. మూడోదాంట్లో తేదీని, గంటను ముట్టుకోవద్దు.

ఇక నన్ను బాగా విసిగించే మాట ‘లోపు’. "10వ తేదీ లోపు" అంటే కొందరికి 9తో అయిపోతుంది, కొందరికి 10 రాత్రి దాకా ఉంటుంది. "సాయంత్రంలోపు" అన్నా అంతే. ఆఫీసులో సాయంత్రం అంటే 5, యార్డులో సరుకు తూకాలు అయ్యేదాకా సాయంత్రమే. ఇద్దరిదీ తప్పు కాదు, కానీ గొడవ మాత్రం తప్పదు. అందుకే నేను తేదీ, గంట రాసి ‘కల్లా’ అంటాను.

కారణం ఒక్క ముక్కలో చెప్పండి. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు అమ్మకాల బిల్లులు చూపే జీఎస్టీఆర్-1 గడువు మరుసటి నెల 11. అది దాటితే, సరుకు కొన్నవాళ్లకు 14న తయారయ్యే జీఎస్టీఆర్-2బీ అనే పన్ను క్రెడిట్ పట్టికలో ఆ బిల్లులు కనిపించవు. వాళ్లు ముందు ఫోన్ చేసేది బ్రాంచికే. ఇవన్నీ కలిపితే ఆవిడ మెసేజ్ ఇలా అవుతుంది:

"నమస్తే అండీ. యార్డులో సీజన్ ఒత్తిడి తెలుసు. ఫిబ్రవరి బిల్లులు నాకింకా అందలేదు. 11న జీఎస్టీఆర్-1 వేయాలి, సరిచూడటానికి ఒకరోజు పడుతుంది. 9వ తేదీ సాయంత్రం 5 గంటలకల్లా పంపండి. టైపు చేసే తీరిక లేకపోతే ఫొటోలు వాట్సాప్‌లో పెట్టండి, నేను ఎక్కించుకుంటాను. ఇబ్బంది ఉంటే ఈ రాత్రికే చెప్పండి."

సడలింపు పంపే పద్ధతిలో ఇచ్చాం, టైములో ఇవ్వలేదు. "పంపగలరా?" అని అడగడం నాకు నచ్చదు. ‘అండి’లో ఉన్న మర్యాద చాలు. ఆయన "చూస్తానండీ" అంటే ఒప్పుకున్నట్టు కాదు. "అయితే 9న 5 గంటలకు ఎదురుచూస్తానండీ" అని వెంటనే రాయండి.

అభ్యాసం: మీరు కోపంలో పంపిన 5 మెసేజ్‌లను ‘వీలైతే’, ‘కుదిరితే’, ‘లోపు’ లేకుండా తిరగరాయండి. ఒక్కోదాన్ని ఇంట్లో ఎవరికైనా ఒకసారి చదివి వినిపించండి. ఏ రోజు, ఎన్ని గంటలకో వాళ్లు వెంటనే చెప్పలేకపోతే మళ్లీ రాయండి.