మందులిచ్చే నైపుణ్యం, ల్యాబ్ లక్ష్యాలు – 3వ భాగం: కంటికి కనిపించని క్రియలు

ల్యాబ్ ముగిసేసరికి విద్యార్థి ఏం చేయగలగాలో చెప్పే లక్ష్యాల్లోంచి గత భాగంలో ‘తెలుసుకుంటారు’, ‘అర్థం చేసుకుంటారు’, ‘అవగాహన పొందుతారు’ అనే క్రియలను పక్కన పెట్టాం. అవి జరిగాయో లేదో చూసి చెప్పలేం, ఆ లోపం ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. పైకి పనిలాగే కనిపిస్తూ, ప్రాక్టికల్ రోజున పరీక్షకుడి కంటికి దొరకని క్రియలు ఇంకొన్ని ఉన్నాయి. వాటిని పట్టుకోవడం కాస్త కష్టం. ఇన్సులిన్ ల్యాబ్‌కు మామూలుగా రాసే ఈ లక్ష్యం చూడండి.

‘ల్యాబ్ ముగిసేసరికి విద్యార్థులు వయల్‌ను సరిచూసి, సరైన మోతాదు తీసి, చర్మం కింద ఇన్సులిన్ ఇస్తారు.’

మూడు క్రియలున్నాయి, మూడూ చేతలే. అయినా ‘సరిచూడటం’ జరిగిందో లేదో మీరు ఎలా చెబుతారు? విద్యార్థి వయల్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతారు. ఒక ట్యూటర్ చెక్‌లిస్టులో టిక్కు పెడతారు, పక్కనున్న ట్యూటర్ పెట్టరు. ఎవరిదీ తప్పు కాదు. లేబుల్ మీద చూపు పడిందో, గోడ మీద పడిందో బయటివారికి తెలిసే మార్గమే ఆ వాక్యంలో లేదు.

ఇన్సులిన్ విషయంలో ఈ చూపు చాలా ఖరీదైనది. మన దేశంలో వయళ్లు మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతలోనూ, 100 యూనిట్ల గాఢతలోనూ దొరుకుతాయి. వాటికి తగ్గట్టే సిరంజిలూ వేరు. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. ఆర్డరు 10 యూనిట్లు అనుకుందాం. 40 వయల్ నుంచి ఎర్ర మూత సిరంజిలో 10వ గీత వరకు తీస్తే 0.25 మిల్లీలీటర్లు వస్తుంది, మోతాదు సరిపోతుంది. అదే వయల్ నుంచి నారింజ మూత సిరంజిలో 10వ గీతకు తీస్తే వచ్చేది 0.1 మిల్లీలీటరే, అంటే 4 యూనిట్లు. తిరగేస్తే ఇంకా ప్రమాదం. 100 వయల్ నుంచి ఎర్ర మూత సిరంజిలో 10వ గీతకు తీస్తే 25 యూనిట్లు ఎక్కుతాయి, రోగి చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. మూడు సందర్భాల్లోనూ ప్లంజర్ 10 దగ్గరే ఆగి ఉంటుంది. సిరంజిని మాత్రమే చూసే ట్యూటర్‌కు తప్పు కనిపించదు.

కాబట్టి ‘సరిచూస్తారు’ బదులు ‘పైకి చదువుతారు’ అని రాద్దాం. ఇన్సులిన్ పేరు, గాఢత, గడువు తేదీ. నోటితో పలికినది చెవికి వినిపిస్తుంది, ఇద్దరు ట్యూటర్లూ ఒకే టిక్కు పెడతారు. ‘వివరిస్తారు’ అని మాత్రం రాయకండి. సిరంజిల తేడా అనర్గళంగా వివరించిన విద్యార్థే ట్రేలోంచి తప్పు సిరంజి తీయవచ్చు. స్కిల్ ల్యాబ్ లక్ష్యంలో క్రియ చేతి పనిని పట్టుకోవాలి. ఇక్కడ ఆ క్రియ ‘ఎంచుకుంటారు’.

అయితే ఎంచుకోవాలంటే ట్రేలో రెండు రకాలూ ఉండాలి కదా. చాలా ల్యాబ్‌లలో సామాను సర్దేవారు ముందే సరైన సిరంజి పెట్టేస్తారు. అప్పుడు క్రియ ఎంత బాగున్నా కొలిచేది ఏమీ ఉండదు. అందుకే ఏయే వస్తువులు ఇస్తున్నామో లక్ష్యంలోనే రాయాలి. ఇది అలంకారం కాదు, సామాను సర్దేవారికి ఆదేశం.

ఇక ప్రమాణం. ‘80 శాతం అంశాలు సరిగ్గా’ అనే మాట ఇక్కడ అస్సలు పనికిరాదు. చేతులు కడగడం నుంచి సూది పారవేయడం దాకా అన్నీ చేసి, సిరంజి ఒక్కటి మార్చేసినవారు కూడా ఆ లెక్కన గట్టెక్కుతారు. తప్పితే మొత్తం తప్పినట్టే అనదగ్గ మెట్లను విడిగా పేర్కొనాలి. నిమిషాల గడువు మాత్రం ఈ దశలో పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. తొందరలో మొదట ఎగిరిపోయేది ఆ పైకి చదవడమే.

ఇప్పుడు తిరగరాద్దాం.

‘10 యూనిట్ల ఆర్డరు కాగితం, ఒక వయల్, ఎర్ర మూత, నారింజ మూత సిరంజిలు ఉన్న ట్రే ఇచ్చినప్పుడు, విద్యార్థి వయల్ మీది ఇన్సులిన్ పేరు, గాఢత, గడువు తేదీ పైకి చదువుతారు; ఆ గాఢతకు తగిన సిరంజిని ఎంచుకుంటారు; గాలి బుడగ లేకుండా సరిగ్గా 10వ గీత వరకు మందు తీస్తారు; సూది ప్యాడ్‌లోకి గుచ్చకముందే వయల్‌నూ సిరంజినీ పక్కపక్కన పట్టి ట్యూటర్‌కు చూపుతారు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి నుంచి చేయాలి.’

వాక్యం పొడవైంది, పరవాలేదు. చర్మం కింద ఇవ్వడం ఇందులో లేదు. దానికి వేరే లక్ష్యం రాయాలి, రెండూ కలిపితే ఎక్కడ తప్పారో తేలదు.

మీ వంతు అభ్యాసం. ‘విద్యార్థులు తొడ కండరంలో ఇంజెక్షన్‌కు సరైన చోటు గుర్తిస్తారు.’ ఇందులో కంటికి కనిపించని క్రియ ఏది? బొమ్మ మీద గీయడానికి ఒక పెన్సిలు ఇస్తే ఏ క్రియ రాస్తారు? తుంటి దగ్గర, మోకాలి దగ్గర ఏ గుర్తుల నుంచి కొలవాలో, ఎంతలోపు గీత పడితే ఒప్పుకుంటారో కూడా రాసి ఉంచండి. వచ్చే భాగం అక్కడి నుంచే మొదలవుతుంది.