ఫోటోలో తెల్లమచ్చ చూసి ట్యూబు కొనకండి

తొలకరి పడి నాట్లు మొదలయ్యాక కోనసీమలో ఒళ్లు ఆరే మాటే ఉండదు. పగలంతా ఉక్క, చెమట, తడిబట్టలు. శోభి, తామర విజృంభించేది ఈ రోజుల్లోనే. ఒంటి మీద మచ్చ కనిపించగానే వాట్సాప్‌లో ఫోటో పెట్టి "ఇదేంటి, ఏం రాయమంటారు?" అని అడగడమూ ఇప్పుడే ఎక్కువ. పెట్టొద్దని అనను. ఫోటోలో ఏది తెలుస్తుందో, ఏది తెలియదో ముందు చూసుకోండి.

పదేళ్ల పిల్లాడి జబ్బ మీద రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ ఉందనుకుందాం. చామనఛాయ మీద లేతరంగు, అంచు కొంచెం మసక. ఫోటో చెప్పేది అంతే. చర్మం పొడిబారి వచ్చే మచ్చ అచ్చం అలాగే ఉంటుంది, పిల్లల్లో మామూలే. వాజిలిన్ లాంటిది రాస్తూ ఉంటే నెలల మీద మెల్లగా కలిసిపోతుంది. శోభి కూడా అలాగే కనబడుతుంది, కాకపోతే గోరుతో మెల్లగా గీరితే సన్నటి పొట్టు లేస్తుంది. పొడి మచ్చకూ కాస్త పొట్టు ఉంటుంది కాబట్టి, అనుమానం వస్తే డాక్టరు ఆ పొట్టు తీసి మైక్రోస్కోపులో చూస్తారు. బొల్లికి పొట్టు ఉండదు, రానురాను సున్నంలా తెల్లబడుతుంది, మొదట్లో మాత్రం అదీ లేతగానే ఉండొచ్చు. ఇక కుష్టు మచ్చ మీద చాలాసార్లు స్పర్శ తగ్గుతుంది. పిల్లాణ్ణి కళ్లు మూసుకోమని, దూది పోగు మచ్చ మీదా పక్కనున్న మంచి చర్మం మీదా తాకించి, తెలుస్తోందో లేదో అడగాలి. తెలిసినంత మాత్రాన కుష్టు కాదని తేల్చేయకూడదు. ఏ ఫోనుకైనా స్పర్శ తెలియదు కదా!

ఇవేవీ చూడకుండా మందుల షాపులో "మచ్చకి ట్యూబు" అడిగితే చాలాసార్లు స్టిరాయిడ్ కలిసినదే చేతికొస్తుంది. తామర మీద అది రాస్తే రెండు రోజుల్లో దురద తగ్గి, ఎర్రదనం పోయి, నయమైనట్టే అనిపిస్తుంది. ఫంగస్ మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది. పైగా తామరకుండే గుండ్రటి అంచు చెరిగిపోయి, తర్వాత చూసే డాక్టరుకి పోల్చుకోవడం కష్టమవుతుంది. ముఖానికి రోజుల తరబడి రాస్తే చర్మం పలచబడి మొటిమలూ లేస్తాయి.

డాక్టరుకే ఫోటో పంపాల్సి వస్తే నూనె, పౌడరు కడిగి తుడుచుకుని, పావుగంట ఆగి తీయండి. నూనె ఉంటే పొట్టు కనపడదు. కెమెరాలో బ్యూటీ మోడ్ తీసేయండి, అది మొటిమల్నీ గరుకునీ నున్నగా చేసేస్తుంది. ట్యూబ్‌లైటు, ఫ్లాష్ వద్దు, పగటిపూట కిటికీ పక్కన నిలబడితే చాలు. పక్కనే తెల్లకాగితం పెడితే రంగు ఎంత మారిందో పోల్చుకోవచ్చు. ఒకటి దగ్గర్నుంచి, ఒకటి చెయ్యంతా కనిపించేలా తీసి, ఎన్నాళ్లుగా ఉంది, దురద ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఇప్పటిదాకా ఏం రాశారు అన్నవి కింద రాయండి. స్పర్శ తగ్గినట్టు అనిపించినా, మచ్చ పెరుగుతున్నా ఫోటోతో ఆగకుండా పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. కుష్టు అని తేలితే మందులు అక్కడ ఉచితం.