ఫ్రీజర్‌లో మాంసం తెల్లబడితే: సమస్య, కారణం, పరిష్కారం

సమస్య: ఫ్రీజర్‌లోంచి తీసిన మాంసం మీద అక్కడక్కడా తెల్లగానో, బూడిద రంగులోనో మచ్చలు ఉంటాయి. ఆ చోట వేలు పెడితే గరుగ్గా, ఎండిపోయి, తోలులా తగులుతుంది. కవర్ లోపల మంచు పొడి రాలుతూ ఉంటుంది. దీన్నే ఫ్రీజర్ బర్న్ అంటారు. పేరులో కాలడం ఉన్నా ఇక్కడ జరిగింది ఎండిపోవడమే.

తినొచ్చా అంటే, తినొచ్చు. ఈ మచ్చల వల్ల ఆరోగ్యానికి హాని లేదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్యాక్టీరియా పెరగదు. పోయేది రుచి. ఎండిన చోట మాంసం పీచులా అవుతుంది, కొవ్వుకు గాలి తగిలి మక్కు వాసన వస్తుంది. మచ్చలు కొద్దిగా ఉంటే ఆ భాగం కోసేసి మిగతాది వండుకోండి. వేపుడు కన్నా నీళ్లు పోసి బాగా ఉడికించే వంటకు వాడితే తేడా అంతగా తెలియదు. ముక్కంతా ఎండిపోతే పారేయడమే మంచిది, రుచి ఎలాగూ తిరిగి రాదు. కరిగాక జిగురుగా ఉన్నా, కుళ్లు వాసన వచ్చినా అది ఫ్రీజర్ బర్న్ కాదు, మాంసం పాడైనట్టే. దాన్ని కోసి బాగుచేయాలని చూడకండి.

ముందు చూడాల్సింది ఒక్కటే: మాంసం కొన్నప్పుడు ఇచ్చిన పల్చటి కవర్‌లోనే ఉందా? చాలామంది ఇది చూడకుండా ఫ్రీజర్‌కి రిపేర్ చేయిస్తారు. ఆ కవర్ ఒకటి రెండు రోజులకు చాలు గానీ నెలల తరబడి నిల్వకు పనికిరాదు.

అసలు ఇబ్బంది మందపాటి జిప్ కవర్‌లో, చిల్లు లేకుండా గట్టిగా మూసినా మచ్చలు వచ్చినప్పుడు. నేను చాలాకాలం పొరబడింది ఇక్కడే. ఒకసారి కిలో కోడి కాళ్లు అలాగే పెట్టి రెండు నెలల తర్వాత తీశాను. జిప్ బిగుతుగానే ఉంది. కవర్ చర్మానికి అంటుకున్న చోట రంగు మారలేదు. రెండు కాళ్ల మధ్య కవర్ పైకి లేచి ఉన్నచోట మాత్రం తెల్లటి మచ్చలు. ఆ మచ్చలకు ఎదురుగా కవర్ లోపలి గోడ మీద మంచు పేరుకుంది. ఆ మంచు బయటి నుంచి రాలేదు, మాంసంలోని నీరే.

జరిగేది ఇది. గడ్డకట్టిన మాంసంలోని మంచు కరగకుండానే ఆవిరైపోతుంది. దానికి కవర్‌లో కాస్త ఖాళీ ఉంటే చాలు. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రీజర్ పేరుకున్న మంచును వదిలించుకోవడానికి మధ్యమధ్యలో తనంతట తాను కొద్దిగా వేడెక్కుతుంది. అప్పుడు మాంసం నుంచి ఆవిరి లేచి ఆ ఖాళీలోకి చేరుతుంది. మళ్లీ చల్లబడేటప్పుడు మాంసం కన్నా ముందు కవర్ చల్లబడుతుంది కాబట్టి ఆవిరి దాని మీదే మంచుగా పడుతుంది. రోజూ ఇదే జరిగితే కవర్ ఏమీ కారకుండానే మాంసం ఎండిపోతుంది. అంటే కవర్ మూశామా అన్నది కాదు, లోపల గాలి మిగిలిందా అన్నది చూడాలి.

పరిష్కారం: ముక్కల మీది తడిని కాగితంతో అద్ది తీయండి. ఒక పూటకు సరిపడా, అంటే అర కిలో చొప్పున విడదీయండి. ముందు క్లింగ్ ఫిల్మ్‌ను ముక్కకు చర్మంలా అంటేటట్టు, వేలితో నొక్కుతూ చుట్టండి. తర్వాత జిప్ కవర్‌లో వేసి, ఒక మూల మాత్రం తెరిచి ఉంచి గిన్నెడు నీళ్లలో మెల్లగా ముంచండి. నీటి ఒత్తిడికి గాలి ఆ మూల నుంచి బయటికి పోతుంది, కవర్ మాంసానికి అతుక్కుంటుంది. నీళ్లు జిప్ దాకా రాకముందే ఆ మూల మూసేయండి. ఎముక కొస పొడుచుకు వస్తుంటే దాని మీద ముందే మడత పెట్టిన ఫాయిల్ కప్పండి. లేకపోతే కవర్‌కు సూది మొన అంత చిల్లు పడి ఈ శ్రమంతా వృథా అవుతుంది. ప్యాకెట్‌ను పల్చగా పరిచి పెడితే త్వరగా గడ్డకడుతుంది. తేదీ రాయండి, ఎంత బాగా చుట్టినా నెలలు గడిచేకొద్దీ కొంత ఎండుతుంది.

తలుపు రబ్బరు వదులైనా, ఫ్రీజర్ మైనస్ 18 దాకా వెళ్లకపోయినా ఇలా అవ్వొచ్చు. అప్పుడు ఒక్క ప్యాకెట్ కాదు, ఫ్రీజర్‌లోని మిగతావాటికీ మంచు పడుతుంది, ఐస్‌క్రీమ్ మెత్తబడుతుంది. ఆ గుర్తులు లేకపోతే ఫ్రీజర్ జోలికి వెళ్లకండి, కవర్‌లో గాలి ఎక్కడ మిగిలిందో వెతకండి.