పైపుల లెక్కలో సమీకరణం సరైందో కాదో ఇలా తేల్చుకుంటున్నా

చేతిరాత నోట్సులు దిద్దేటప్పుడు కూడికలు, క.సా.గు అన్నీ కరెక్టే ఉంటాయి, జవాబు మాత్రం తప్పు. లెక్క మళ్లీ చేయడం, జవాబుల పేజీ చూడడం, భిన్నాలను దశాంశాలుగా మార్చడం, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ఒక పైపు తొట్టిని 6 గంటల్లో నింపుతుంది, ఇంకోటి 12 గంటల్లో ఖాళీ చేస్తుంది, రెండోదాన్ని 2 గంటలు ఆలస్యంగా తెరిచారు. నోట్సులో t/6 − t/12 = 1, జవాబు 12 గంటలు. ముందు ఆ సమీకరణాన్ని చేత్తో మూసేసి, ప్రశ్న మాత్రమే చదివి, ప్రతి పైపు పక్కన మూడు రాస్తాను: గంటకు ఎంత భాగం, నింపుతుందా తీస్తుందా, ఎన్ని గంటలు తెరిచి ఉంది. ఆ 12 పెడితే మొదటిది 12 గంటలు, రెండోది 10. 12/6 − 10/12 అంటే 14/12, తొట్టి పొంగిపోయింది! గంటల దగ్గరే తేడా అని అక్కడే తెలిసిపోతుంది. t/6 − (t−2)/12 = 1 అని మారిస్తే 10 గంటలు, 20/12 − 8/12 సరిగ్గా 1.

సమీకరణాన్ని చూస్తూ సరిచూస్తే మాత్రం అదే తప్పు మళ్లీ ఒప్పుగా కనిపిస్తుంది. కాలం–పని లెక్కల్లో మధ్యలో ఒకరు మానేసినా ఇదే పద్ధతి సరిపోతోంది. ఖాళీ చేసే పైపు తొట్టి మధ్య ఎత్తులో ఉంటే నేరుగా కుదరదు, నీళ్లు అక్కడిదాకా వచ్చాకే అది పనిచేస్తుంది కాబట్టి లెక్కను రెండు ముక్కలు చేయాలి.